గుటెన్ టాగ్ ఎక్కడ చెల్లుతుంది?

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో జర్మన్ క్లాసులో చేరితే మొదటి రోజు నేర్పే మాట 'గుటెన్ టాగ్'. అర్థం 'మంచి రోజు'. మీకు మంచి రోజు కలగాలని కోరుతున్నాను అనే పెద్ద వాక్యం అరిగి అరిగి ఈ రెండు మాటలు మిగిలాయి. పరీక్షలో ఇది రాస్తే మార్కులు పడతాయి. ఈ మాట మూటగట్టుకుని ఒక తెలుగు విద్యార్థి మాస్టర్స్ చదవడానికి మ్యూనిక్‌లో దిగాడనుకుందాం. మర్నాడు పొద్దున బ్రెడ్ కొందామని బేకరీకి వెళ్తాడు. కౌంటర్ వెనకున్నావిడ 'గ్రూస్ గొట్' అంటుంది. క్లాస్‌మేట్ ఎదురై 'సెర్వుస్' అంటాడు. రెండేళ్ళకు చదువు పూర్తయి హాంబర్గ్‌లో ఉద్యోగం వస్తుంది. అక్కడ పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం ఒకటే మాట, 'మొయిన్'. ఇంకో రెండేళ్ళకు కంపెనీ జూరిక్‌కు పంపిస్తే అక్కడ 'గ్రూఎట్సి'. చదివిన భాష ఒక్కటే, తిరిగిన ఊళ్ళు మూడు, మొదటి మాట ప్రతిచోటా కొత్తది.

ఇది ఒకరిద్దరి సంగతి కాదు. జర్మనీలో చదివే విదేశీ విద్యార్థుల్లో 2022-23 నాటికి భారతీయులు చైనావాళ్ళను దాటి మొదటి స్థానానికి వచ్చారు, సంఖ్య 40 వేలు దాటింది. వాళ్ళలో తెలుగు పిల్లలు బాగానే ఉన్నారు. వీళ్ళకు వ్యాకరణం మీద ఎంత టెన్షన్ ఉంటుందో పలకరింపు మీద అంత ఉండదు. 'హలోనే కదా, ఏదో ఒకటి అంటే సరిపోతుంది' అనుకుంటారు. నిజమే, గుటెన్ టాగ్ అంటే ఎక్కడా ఎవరూ తిట్టరు. కానీ మ్యూనిక్ బేకరీలో ఆ మాట అన్న క్షణంలోనే 'ఇతను ఈ ఊరివాడు కాదు, పుస్తకంలో నేర్చుకున్నాడు, లేదా జర్మనీ ఉత్తరాదివాడు' అని ఎదుటివాళ్ళకు తెలిసిపోతుంది. పలకరింపు తర్వాత సాగే మాటల తీరును అది కాస్త మారుస్తుంది.

జర్మన్‌లో ఇన్ని మాటలు ఎలా వచ్చాయన్నది పెద్ద చిక్కు ప్రశ్నేమీ కాదు. చాలాకాలం ఆ భాషకు ఒక్క రాజ్యం లేదు, ఒక్క రాజధాని లేదు. చిన్నా పెద్దా సంస్థానాలు, ఎవరి యాస వాళ్ళది. ఈ తేడాలను పటం మీద పెట్టాలని 1876లో గేఓర్గ్ వెంకర్ అనే ఆయన మొదలుపెట్టాడు. కొన్ని వాక్యాలు అచ్చువేయించి ఊరూరి బడిపంతుళ్ళకు పంపి, 'మీ ఊళ్ళో దీన్ని ఎలా అంటారో రాసి పంపండి' అని అడిగాడు. చివరికి 40 వాక్యాలు, 40 వేలకు పైగా ఊళ్ళు. ఆ పని నుంచి మార్బుర్గ్ యూనివర్సిటీలో జర్మన్ భాషా పటాల సంప్రదాయమే పుట్టింది. మన కాలంలో 2003 నుంచి స్టెఫాన్ ఎల్స్‌పాస్, రాబర్ట్ మోయ్‌లర్ అనే ఇద్దరు భాషావేత్తలు ఇంటర్నెట్‌లో ప్రశ్నలు పెట్టి, రోజువారీ మాటలకు ఇలాంటి పటాలే గీస్తున్నారు. ఆ పటాల్లో దేశాల సరిహద్దులూ భాష సరిహద్దులూ ఒకటి కావు. మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రపు పలకరింపు అదే దేశంలోని హాంబర్గ్‌తో కాకుండా, పక్క దేశమైన ఆస్ట్రియాతో కలుస్తుంది.

పటం చూసి ఏ ఊళ్ళో ఏ మాటో కంఠస్థం చేస్తే సరిపోతుందా? సరిపోదు. ఎందుకంటే ఈ మాటలన్నీ ఒకే కొలతవి కావు. కొన్ని మనిషిని బట్టి మారతాయి, కొన్ని వేళను బట్టి, కొన్ని ఎదుట ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి. గుటెన్ టాగ్ వేళను చూస్తుంది. పొద్దున 'గుటెన్ మోర్గెన్', సాయంత్రం 'గుటెన్ ఆబెంట్' అని మార్చాలి. మనిషి మాత్రం దానికి పట్టదు. సెర్వుస్ దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది. వేళతో దానికి పని లేదు, వచ్చేటప్పుడూ పోయేటప్పుడూ అదే మాట. కానీ ఎవరితో అంటున్నామన్నది ముఖ్యం. జర్మన్‌లో మన నువ్వు, మీరు లాంటివే 'డూ', 'జీ' ఉన్నాయి. మీరు అనే మాట అక్కడ 'జీ' కావడం హిందీ తెలిసినవాళ్ళకు గుర్తుపెట్టుకోవడానికి తేలిక. సెర్వుస్ ముఖ్యంగా డూ అనుకునేవాళ్ళ మధ్య మాట. వీసా ఆఫీసులో కుర్చీలో ఉన్నాయనతో సెర్వుస్ అంటే, కలెక్టరాఫీసుకు వెళ్ళి 'ఏంటి బావా' అన్నంత పని అవుతుంది.

ఇంతకీ సెర్వుస్ అంటే లాటిన్‌లో బానిస. 'నీ సేవకుణ్ణి' అని వినయంగా చెప్పుకున్న మాట స్నేహితుల మధ్య హాయ్ అయి కూర్చుంది. ఇటలీవాళ్ళ 'చావ్' కూడా వెనిస్ యాసలో బానిస అనే మాటలోంచి వచ్చిందే. మనకు ఇది వింతగా అనిపించనక్కర్లేదు, మన 'దాసోహం' కూడా 'నేను దాసుణ్ణి' అనే కదా. ఆస్ట్రియా చక్రవర్తుల ఏలుబడి ఎంత దూరం సాగిందో అంత దూరం ఈ మాట పాకింది. హంగరీలో, రొమేనియాలోని ట్రాన్సిల్వేనియాలో, స్లొవాకియాలో ఇప్పటికీ వినిపిస్తుంది. సామ్రాజ్యం 1918లో పోయింది, పలకరింపు మిగిలింది.

మరి బేకరీ ఆవిడ అన్న గ్రూస్ గొట్? 'దేవుడు నిన్ను పలకరించు గాక' అనే పాత దీవెనలోంచి వచ్చింది. ఇందులో గొట్ అంటే దేవుడు. ఉత్తరాదివాళ్ళు దీన్ని 'దేవుడికి నా నమస్కారాలు చెప్పు' అని కావాలని తప్పుగా అర్థం చేసుకుని, 'కనిపిస్తే తప్పకుండా చెప్తాను' అని జోక్ వేస్తారు. కొత్తగా వచ్చినవాళ్ళలో కొందరికి వేరే సందేహం వస్తుంది, మనం అన్య మతంవాళ్ళం కదా, ఈ మాట అనొచ్చా అని. నిస్సంకోచంగా అనొచ్చు. దేవుణ్ణి నమ్మనివాళ్ళూ అంటారు. క్యాథలిక్ ప్రాంతాల మాట అన్నది సగం నిజమే, ఎందుకంటే ప్రొటెస్టెంట్లు ఎక్కువగా ఉన్న నైరుతి జర్మనీలోని పాత వుర్టెంబర్గ్‌లో కూడా ఇదే వాడుక. పొలం గట్టు మీద ఎదురైన ముసలాయన 'రామ్ రామ్' అంటే అందులో భక్తి ఎంతో మర్యాదా అంతే, ఇదీ అలాంటిదే. ఇదే మాటకు యాసలో చుట్టాలు ఉన్నాయి. నువ్వు అనుకునే ఒక్కరితో 'గ్రియస్ డీ', నలుగురున్న చోట 'గ్రియస్ ఐఖ్'. అంటే ఒక పలకరింపులోనే ఏకవచనం, బహువచనం, చనువు, మర్యాద అన్నీ దాగి ఉన్నాయి. నువ్వు, మీరు తేడా పుట్టినప్పటి నుంచీ అలవాటైన తెలుగువాళ్ళకు ఇది పట్టుబడటం కష్టం కాదు. అన్నిటికీ ఒకే 'యూ' ఉన్న ఇంగ్లీషు మీదుగా జర్మన్ నేర్చుకుంటేనే కష్టం. తెలుగు మీదుగా నేర్చుకుంటే సగం దారి ముందే నడిచినట్టు.

హాంబర్గ్‌కు వెళ్ళాక పరిస్థితి మారుతుంది, తేలికవుతుంది కూడా. మొయిన్‌కు వేళ లేదు, మనిషి లేదు, సంఖ్య లేదు. మేనేజర్‌తో మొయిన్, బస్ డ్రైవర్‌తో మొయిన్, రాత్రి తొమ్మిదికి లిఫ్ట్‌లో మొయిన్. ఇది మోర్గెన్ (పొద్దు) అనే మాట అరిగి వచ్చిందని అనేవాళ్ళున్నారు. ఉత్తర తీరపు పాత యాసలో 'మొయ్' అంటే అందమైన, బాగైన అని అర్థం, దానిలోంచి వచ్చిందనేవాళ్ళూ ఉన్నారు. కొత్తవాళ్ళు చేసే పొరపాటు మొదటి వివరణను నమ్మడంలోంచి వస్తుంది. మొయిన్ అంటే గుడ్ మార్నింగ్ అనుకుని, సాయంత్రం ఎవరైనా అంటే వెక్కిరిస్తున్నారేమో అని తికమకపడతారు. ఇంకోటి, ఉత్సాహం కొద్దీ 'మొయిన్ మొయిన్' అని రెండుసార్లు అంటారు. అలా అనేవాళ్ళు అక్కడా ఉన్నారు గానీ, రెండోసారి అన్నావంటే నువ్వు వాగుడుకాయవే అని ఊళ్ళోవాళ్ళు నవ్వుకుంటారు. మాట పొదుపు అక్కడి గర్వం.

ఆ ఆఫీసులోనే మధ్యాహ్నం పన్నెండు ప్రాంతంలో కారిడార్‌లో ఎదురైనవాళ్ళు 'మాల్‌ట్సైట్' అంటారు. ఇది ఒక్క ఊరికి చెందింది కాదు, ఆఫీసులకూ ఫ్యాక్టరీలకూ చెందిన పలకరింపు. మాట అర్థం భోజనం వేళ. తెలుగువాడికి ఇది వినగానే 'భోంచేశారా?' అని వినిపిస్తుంది. ఇంకా లేదండీ, ఇప్పుడే వెళ్తున్నా అని జవాబిస్తాడు. ఎదుటివాడు అడిగిందే లేదు. జవాబు కూడా మాల్‌ట్సైట్ అనే ఒక్క మాటే. విచిత్రం ఏమిటంటే, మన 'తిన్నారా?' కూడా చాలాసార్లు ప్రశ్న కాదు. గుమ్మం ముందు ఆగిన పక్కింటావిడ అలా అడిగితే, కూర ఏం వండారో చెప్పడం మొదలుపెట్టే అవసరం లేదు. ఆ సంగతి తెలుగులో తెలిసినవాడికే జర్మన్‌లో తెలియకుండా పోతుంది. పరాయి భాషలో అందరం మాటను అక్షరాలా తీసుకుంటాం మరి.

తెలుగులో పలకరింపు ఎక్కువగా ప్రశ్నే. 'బాగున్నారా', 'మంచిగున్నవా', 'బాగుండావా', ఏ ప్రాంతం యాసలోనైనా అదే వరస. 'ఏం సంగతి', 'ఎందాకా?' కూడా అంతే. తెలంగాణ పల్లెల్లో వినే 'శనార్తి', 'దండం' లాంటివి వేరే రకం, అవి వందనాలు. ప్రశ్నతో పలకరించే అలవాటును జర్మన్‌లోకి తీసుకెళ్తేనే అసలు చిక్కు. 'వీ గేట్స్?' అంటే ఎలా ఉన్నావ్ అని. అమెరికాలో షాపువాళ్ళు హౌ ఆర్ యూ అన్నట్టు దీన్ని బిల్ కౌంటర్‌లో ఎవరూ అనరు. తెలిసినవాళ్ళనే అడుగుతారు. అడిగితే జవాబు కోసం ఆగుతారు, నడుము నొప్పి సంగతి చెప్తే వింటారు కూడా. ఇక మెట్ల మీద ఎదురైన పొరుగావిణ్ణి 'ఎక్కడికి వెళ్తున్నారు?' అని అడగడం మనకు ఆప్యాయత, ఆవిడకు ఆరా.

పేర్ల విషయంలో మరో తిరకాసు ఉంది. తెలుగులో పెద్దవాళ్ళను పేరు పెట్టి పలకరిస్తే అమర్యాద. బాబాయ్, పిన్నిగారు, మాస్టారు, అన్నా అని ఏదో ఒక వరస కలపాలి. స్విట్జర్లాండ్‌లో దీనికి సరిగ్గా ఎదురు. పొరుగావిణ్ణి చూసి ఉత్తి గ్రూఎట్సి అంటే సరే, 'గ్రూఎట్సి ఫ్రౌ మైయర్' అని ఇంటిపేరు కూడా కలిపితేనే పూర్తి మర్యాద. రెండోసారి కలిసినప్పుడు పేరు గుర్తుంచుకోవాలని వాళ్ళు ఆశిస్తారు. గౌరవం కొద్దీ పేరు మింగేసే తెలుగువాడు అక్కడ పేరు మరిచిపోయినవాడిలా కనిపిస్తాడు.

ఆ గ్రూఎట్సి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. వలస వచ్చినవాళ్ళు స్థానిక పలకరింపు ఎంతవరకు పలకాలన్న ప్రశ్న అక్కడే పదునుగా ఎదురవుతుంది. '(దేవుడు) మిమ్మల్ని పలకరించు గాక' అన్న మాటే ఇదీ, చివరి 'ఇ' అంటే 'మిమ్మల్ని'. కాబట్టి ఇది మీరు వరస. స్నేహితుడైతే 'హోయి' లేదా 'సాలి'. నలుగురుంటే 'గ్రూఎట్సి మితెనాంట్', స్నేహితుల గుంపు అయితే 'హోయి ట్సెమె'. రైలెక్కి గంట ప్రయాణం చేసి బెర్న్‌లో దిగితే గ్రూఎట్సి 'గ్రూఎసెఖ్' అవుతుంది. కొండ దారిలో నడుస్తుంటే ఎదురొచ్చే ముక్కూ ముఖం తెలియనివాళ్ళకు కూడా చెప్పాలి. చెప్పకపోతే పొగరు అనుకుంటారు.

మాటలో 'ఊ' తర్వాత 'ఎ' విడిగా వినపడాలి. జర్మనీ నుంచి వచ్చినవాళ్ళు ఆ 'ఎ'ను మింగి 'గ్రూట్సి' అంటారు. స్విస్‌వాళ్ళకు ఇది చెవిలో ముల్లు. ఉచ్చారణ తప్పినందుకు అంత బాధ ఎందుకన్నది దూరం నుంచి చూస్తే అర్థం కాదు. స్విట్జర్లాండ్‌లో జర్మన్ మాట్లాడేవాళ్ళు రాసేది ప్రామాణిక జర్మన్, ఇంట్లో, ఆఫీసులో, రోడ్డు మీద మాట్లాడేది స్విస్ యాస. పెద్ద పక్క దేశం తమ మాటను ముద్దుముద్దుగా ఉందంటూ అనుకరించడం వాళ్ళకు ఎగతాళిలా తోస్తుంది. తెలుగులో దీనికి పోలిక వెతుక్కోనక్కర్లేదు. చాలాకాలం మన సినిమాల్లో తెలంగాణ యాస కమెడియన్‌కో విలన్‌కో మాత్రమే దక్కింది. ఆ యాసలో మాట్లాడేవాళ్ళ ముందు కోస్తావాళ్ళు సరదాగా 'ఏం సంగతే' అని సాగదీస్తే ఎలా ఉంటుందో చాలామందికి తెలుసు. యాస పలకడంలో తప్పు లేదు, ఎవరు ఎవరిది పలుకుతున్నారన్నదే లెక్క.

భారతీయుడు గ్రూఎట్సి అంటే మాత్రం స్విస్‌వాళ్ళు ముచ్చటపడతారు. అతని వెనక పెద్దన్న హోదా ఏమీ లేదు కదా. అయితే వేరే సమస్య మొదలవుతుంది. గ్రూఎట్సి బాగా పలికాడంటే ఇతనికి యాస వచ్చు అనుకుని ఎదుటివాళ్ళు తర్వాతి రెండు నిమిషాలూ యాసలోనే దంచేస్తారు. పుస్తకం జర్మన్ తెలిసినవాడికి అందులో పావు వంతు కూడా అందదు. బవేరియా పల్లెల్లో గ్రియస్ డీ అన్నా జరిగేది ఇదే. పలకరింపు ఒక రకంగా స్విచ్ లాంటిది, ఏది వేస్తే ఆ లైటే వెలుగుతుంది. అందుకే ఏళ్ళ తరబడి అక్కడ ఉన్నవాళ్ళు ఒక చిన్న పద్ధతి పాటిస్తారు. మొదటి మాట ఊరిది, వెంటనే రెండో వాక్యం నిదానంగా ప్రామాణిక జర్మన్‌లో. మర్యాదా దక్కుతుంది, ఎదుటివాళ్ళూ అర్థం చేసుకుని ఆ భాషకు మారతారు.

'వాళ్ళు ఏది అంటే అదే తిరిగి అను' అన్నది కొత్తవాళ్ళకు అందరూ చెప్పే సలహా. మంచిదే గానీ దానికి ఒక హద్దుంది. ఆ దేశాల్లో గదిలోకి వచ్చినవాడే ముందు పలకరించాలి. డాక్టర్ దగ్గర వెయిటింగ్ రూమ్‌లో అడుగుపెడితే, కూర్చున్న అపరిచితులందరికీ కలిపి ఒక మాట చెప్పి కూర్చోవాలి. మన దగ్గర చిన్నవాడు పెద్దవాడికి ముందు నమస్కారం పెడతాడు, తెలియనివాళ్ళకు అసలు పెట్టడు. ఆ అలవాటుతో గమ్మున వెళ్ళి కూర్చున్నవాణ్ణి అక్కడివాళ్ళు ముభావి అనుకుంటారు. ముందు మాట మనదే అయినప్పుడు తిరిగి అనడానికి ఏమీ ఉండదు, సొంతంగా ఎంచుకోక తప్పదు.

ఆ ఎంపిక భయం వల్లే చాలామంది 'హాలో'లో తలదాచుకుంటారు. వేళ లేదు, ఊరు లేదు, డూ జీ గొడవ తక్కువ. వలస వచ్చినవాళ్ళే కాదు, జర్మన్ యువత కూడా అదే చేస్తోంది. దీని మీద కోపం కూడా ఉంది. 2012లో బవేరియాలోని పాసౌ పట్టణంలో ఒక బడి 'హాలో, చ్యూస్ లేని ప్రాంతం' అని బోర్డు పెట్టి, పిల్లలు గ్రూస్ గొట్ అనాలని కోరింది. జర్మనీ అంతా దాని మీద చర్చించింది. ఇందులో 'చ్యూస్' వీడ్కోలు మాట. అది ఉత్తరాది రేవుల్లో 'అదియూ' లాంటి విదేశీ మాటలు అరిగి తయారైంది. దక్షిణాదివాళ్ళకు అది పైనుంచి దిగుమతైన సరుకు.

వలసతో పలకరింపులు మారడం ఆ నేలకు కొత్త కాదు. 1945 తర్వాత తూర్పు ప్రాంతాల నుంచి సుమారు 1 కోటీ 20 లక్షల మంది జర్మన్లు తరిమివేతకు గురయ్యారు. బతికి చేరినవాళ్ళు బవేరియాలో, ఉత్తర తీరంలో, ఇంకా చాలాచోట్ల సర్దుకున్నారు. వాళ్ళదీ జర్మనే అయినా, వాళ్ళు వదిలి వచ్చిన తూర్పు ప్రాంతాల్లో ఒకటైన సైలీసియా యాస పల్లె బడిలో నవ్వులపాలైంది. పిల్లలు ఇంట్లో ఒకటి, బయట ఒకటి పలికారు. మనవల తరానికి ఆ యాస దాదాపు పోయింది. 1961లో టర్కీతో ఒప్పందం కుదిరాక వచ్చిన కార్మికుల పిల్లలు మాత్రం సెర్వుస్, మొయిన్ స్థానికుల్లాగే అంటారు. వాళ్ళ అమ్మానాన్నలు ఫ్యాక్టరీలో జర్మన్ నేర్చుకుంటే, వీళ్ళు వీధిలో ఆడుకుంటూ నేర్చుకున్నారు, అదే తేడా.

తెలుగువాళ్ళ మధ్య కూడా ఇలాంటి సర్దుబాటే జరుగుతుంది. కరీంనగర్ కుర్రాడూ గుంటూరు కుర్రాడూ ఒకే ఫ్లాట్‌లో ఉంటే మొదటి నెలలో ఒకరి 'మంచిగున్నవా' మీద, ఒకరి 'ఏంటండీ' మీద వేళాకోళం సాగుతుంది. తర్వాత ఇద్దరూ 'బ్రో', 'అన్నా' దగ్గర స్థిరపడతారు. కొత్త కుటుంబాన్ని కలిస్తే 'నమస్తే అండీ', ఫోన్‌లో ఇంటివాళ్ళతో ఎవరి యాస వాళ్ళది. యాస పోదు, దానికంటూ ఒక చోటు ఏర్పడుతుంది అంతే.

చివరికి వీడ్కోలు దగ్గర ఒక ఇబ్బంది మిగులుతుంది. మనం 'వెళ్తున్నా' అనం, అది అశుభం. 'వెళ్ళొస్తా' అంటాం. జర్మన్‌లో 'ఔఫ్ వీడర్‌జేన్' అంటే మళ్ళీ చూసేదాకా అని, ఫోన్‌లో అయితే 'ఔఫ్ వీడర్‌హ్యోరెన్', మళ్ళీ వినేదాకా. బవేరియాలో దగ్గరివాళ్ళతో 'ఫియట్ డీ', దేవుడు నిన్ను కాపాడు గాక. భావం మనదానికి దగ్గరే. కానీ వెళ్ళొస్తా అన్నమాటను అలాగే జర్మన్‌లో పెట్టి, సాయంత్రం ఆఫీసు వదిలేటప్పుడు 'వెళ్ళి వస్తాను' అన్నాడనుకోండి, పక్క సీటాయన ఇతను పది నిమిషాల్లో తిరిగొస్తాడనుకుని లైటు ఆర్పకుండా, తలుపు తాళం వేయకుండా వెళ్ళిపోతాడు.